దింపి కదలండి

మా బడిలో గేటు డ్యూటీ నాకే ఎందుకు పడిందో చెప్పాలంటే ముందు నా గొంతు గురించి చెప్పాలి. నేను తెలుగు టీచర్ని. రెండో అంతస్తులో పద్యం మొదలుపెడితే కింద స్టాఫ్ రూములో లెక్కల టీచరు పేపర్లు దిద్దడం ఆపేసేది. "ఆవిడ పద్యం అయ్యాక దిద్దుకుంటాలే, ఇప్పుడు దిద్దితే మార్కులకి కూడా ప్రాస కుదురుతోంది" అనేది. అందుకని ప్రిన్సిపల్ మేడంకి గేటు దగ్గర నిలబడి అరవగలిగే మనిషి కావాల్సి వచ్చినప్పుడు ఆవిడ ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. మీటింగులో ఊరికే నా వైపు చూసింది. మిగతా వాళ్లందరూ కూడా నా వైపే చూశారు.

బడి ఉన్నది సైదాబాద్ నుంచి సంతోష్‌నగర్ వెళ్లే దారిలో, లోపలికి తిరిగే ఒక గల్లీలో. ఒక పక్క బడి గోడ. ఇంకో పక్క ఇళ్లు, ఒక కిరాణా దుకాణం, పాల కేంద్రం. ఈ చివర దూరిన బండి ఆ చివర రోడ్డెక్కొచ్చు, అదొక్కటే ఆ గల్లీలో ఉన్న మంచి గుణం. పొద్దున బడి వేళకి మాత్రం ఏ బండీ ఆ చివరకి చేరేది కాదు. కార్లు, స్కూటర్లు, పిల్లల్ని కుక్కుకొచ్చిన ఆటోలు అన్నీ గేటు ముందే ముడిపడి ఉండేవి. ఎదురింటాయన తన కారు బయటికి తీయలేక బస్సులో ఆఫీసుకి వెళ్లడం మొదలుపెట్టాడు. కొన్నాళ్లకి బస్సు కూడా విసుగొచ్చి ట్రాఫిక్ పోలీసులకి ఫిర్యాదు ఇచ్చాడు.

ఎస్సై గారు పరిశీలనకి సరిగ్గా ఆ వేళకే వచ్చారు. ఆయన బుల్లెట్టు గల్లీ మొదట్లోనే ఇరుక్కుపోయింది. దాన్ని పాల కేంద్రం ముందు వదిలేసి, బండ్ల మధ్య పక్కకి తిరిగి నడుచుకుంటూ, చొక్కాకి ఎవరిదో స్కూటరు అద్దం మట్టి పూసుకుని ప్రిన్సిపల్ గదికి చేరారు.

"రోడ్డు మీ బడిది కాదు మేడం" అన్నారు. "పిల్లల్ని దింపనీకి ఆగుతరు, మంచిది. దింపినంక కూడ ఆణ్నే ఉంటున్నరు. నేను రోజూ ఒక హోంగార్డును మీ గేటుకు ఇయ్యలేను. మీ మనుషులనే నిలవెట్టుండ్రి. లేకపోతె నేనొచ్చి చలాన్లు రాస్తె పేరెంట్స్ మీతోని లొల్లి పెట్టుకుంటరు."

అలా నాకు ఒక విజిలు, ఒక మెరిసే పసుపు జాకెట్టు వచ్చాయి. జాకెట్టు పీఈటీ సార్ కొలతకి కొన్నది. చీర మీద వేసుకుంటే మోకాళ్ల దాకా వచ్చేది. మొదటి రోజు నా క్లాసు పిల్లలు నన్ను చూసి, ఎవరో కొత్తావిడ అనుకుని నమస్కారం పెట్టకుండా వెళ్లిపోయారు.

బండ్లు ఎక్కువైపోయి ఈ బాధంతా అని నేను అనుకునేదాన్ని. వారం తిరిగేసరికి తెలిసింది, బండ్లు ఎక్కువ కాదు, వాటి నిలుపు ఎక్కువ. మా గోడ వారన నాలుగు కార్లు వరసగా పడతాయి. నాలుగూ ఒకేసారి ఆగి, నాలుగు ఎడమ తలుపులూ ఒకేసారి తెరుచుకుని, పిల్లలు గోడ వైపు దిగి, బండ్లు ఒకేసారి కదిలితే వెనకున్న నాలుగూ వస్తాయి. ఇంతే విద్య. కానీ ప్రతి తండ్రికీ తన బిడ్డ సరిగ్గా గేటు ఎదురుగానే దిగాలి. మొదటి కారు గేటు దగ్గరే ఆగిపోతుంది. దాని ముందు మూడు కార్ల జాగా ఖాళీగా వెక్కిరిస్తూ ఉంటుంది. దాని వెనక గల్లీ అంతా హారన్లు. "గేటు దాటి ముందుకు వెళ్లండి, గోడ చివర ఆగండి" అంటే, పిల్లవాణ్ని తీసుకెళ్లి విజయవాడలో దింపమన్నట్టు చూసేవారు.

నిలుపు రకాలు కూడా నేర్చుకున్నాను. బ్యాగు డిక్కీలో పెట్టేవాళ్లది ఒక రకం. బ్యాగు డిక్కీలో ఉంటే తండ్రి దిగాలి, తండ్రి దిగితే ఆ బండి ఆగినట్టు కాదు, నిలిపినట్టు. ఆపైన తండ్రికి ఇంకో తండ్రి కనిపిస్తాడు. డైరీ మీద సంతకం గేటు దాకా వచ్చాక గుర్తొచ్చి, కారు బానెట్టు మీద డైరీ పెట్టి పెన్ను కోసం నన్నే అడిగేవాళ్లది ఇంకో రకం. పరీక్షల రోజుల్లో ఒకావిడ స్కూటరు ఆపి, హెల్మెట్టు తీయకుండానే స్పెల్లింగులు అడిగేది. పిల్లవాడు తప్పు చెబితే ఆ రోజుకి గల్లీ మూతపడినట్టే. వరసలో వెనక ఉన్న ఒక ఆటో డ్రైవరు ఒకసారి జవాబు అందించాడు. అదీ తప్పే.

ఆటోల సంగతి వేరు. ఒక్కో ఆటోలోంచి పిల్లలు దిగుతూనే ఉంటారు, అయిపోయారనుకున్నాక డ్రైవరు పక్కనుంచి ఇంకొకడు దిగుతాడు. వాళ్లకి కారుకన్నా ఎక్కువసేపు కావాలి, అది వాళ్ల తప్పు కాదు. అందుకని గోడ దాటాక, పాత నీళ్ల ట్యాంకు పక్కన వాళ్లకి వేరే జాగా గీశాను. కార్లు వాళ్ల వెనక చిక్కుకోకుండా అది కొంత పనిచేసింది. స్కూటర్లవాళ్లకి గేటుకి ఇవతలి మూల ఇచ్చాను. సుద్దముక్కతో గీతలు గీశాను, రెండు ప్లాస్టిక్ కోన్లు పెట్టించాను. అంతా ఒక దారిన పడేదే, తెల్ల కారు పెద్దాయన లేకపోతే.

ఆయనకి బేగంబజార్‌లో స్టీలు గిన్నెల హోల్‌సేల్ దుకాణం. అరవై దాటిన మనిషి, తెల్ల లాల్చీ, నుదుట చిన్న బొట్టు. మనవరాలు మా బడిలో రెండో తరగతి. పొద్దున్నే ఆయనే కారు నడుపుకుంటూ తీసుకొచ్చేవాడు. కారు గేటు ముందు ఆగేది. ఆయన దిగేవాడు. అటు తిరిగి వచ్చి తలుపు తీసేవాడు. పాప దిగేది. రిబ్బను సరిచేసేవాడు. నీళ్ల సీసా మూత బిగుతుగా ఉందో లేదో చూసేవాడు. నెత్తి మీద చెయ్యి పెట్టేవాడు. పాప లోపలికి వెళ్లిపోయేది. ఆయన మాత్రం కారుకి ఆనుకుని పైకి చూస్తూ ఉండిపోయేవాడు.

"సార్, పాప లోపలికి వెళ్లింది కదా, కదలండి" అన్నాను మొదటి రోజు.

"కదుల్త టీచరమ్మా. కిటికీల కనవడనీయి."

"ఏ కిటికీ?"

"అగో, పైన."

రెండో తరగతి మొదటి అంతస్తులో ఉంది. పాప మెట్లెక్కాలి, క్లాసుకి చేరాలి, బ్యాగు బెంచీ మీద పెట్టాలి, కిటికీ దగ్గరికి వచ్చి చెయ్యి ఊపాలి. అప్పుడు ఈయన ఊపేవాడు. పాప మళ్లీ ఊపేది. ఈయన మళ్లీ. ఎవరు ఆపాలో ఇద్దరికీ తెలియని ఆట అది. ఆ తరవాత నెమ్మదిగా కారెక్కి, సీటు సర్దుకుని, బెల్టు పెట్టుకుని, అద్దంలో ఒకసారి చూసుకుని బయల్దేరేవాడు.

ఆయన వెనక ఎప్పుడూ ఒకే ఆటో ఉండేది. ఆ డ్రైవరు యాకుత్‌పురా వైపు నుంచి పిల్లల్ని తెస్తాడు. నవ్వకుండా నవ్వించే మనిషి. ఒకరోజు ఆటోలోంచి తల బయటపెట్టి, "మేడం, చాచా కే ఘర్ మే రోజ్ బిదాయీ హై క్యా?" అన్నాడు. రోజూ పిల్లని అత్తారింటికి పంపుతున్నాడా అని. ఆటోలో పిల్లలందరూ పగలబడి నవ్వారు. పెద్దాయన వెనక్కి తిరిగి కూడా చూడలేదు. కిటికీలో ఇంకా పాప రాలేదు మరి.

నేను చేయని ప్రయత్నం లేదు. నచ్చజెప్పాను. విజిలు ఊదాను. ఆయనకి కిటికీ కనబడకుండా పసుపు జాకెట్టుతో అడ్డంగా నిలబడ్డాను, ఆయన తల కొంచెం పక్కకి వంచాడు. పాపనే త్వరగా పైకెళ్లమన్నాను. పాప బుద్ధిగా పరిగెత్తి మెట్ల మీద పడి మోకాలు గీరుకుంది. మర్నాడు మోకాలికి కట్టుతో ఇంకా నెమ్మదిగా ఎక్కింది. ఆ ఉపాయం అక్కడితో వదిలేశాను.

ఇంతలో దసరా సెలవులొచ్చాయి. మా ఆడపడుచు కుటుంబం ఢిల్లీ నుంచి విమానంలో వస్తుంటే నేనూ మావారూ శంషాబాద్ వెళ్లాం. మావారికి పార్కింగ్ అంటే గిట్టదు. అందులో పెడితే మళ్లీ బండి ఎక్కడుందో దొరకదని ఆయన భయం. అందుకని తిన్నగా ప్రయాణికుల్ని ఎక్కించుకునే దారిలోకే తీసుకెళ్లి ఆపారు. ఆపీ ఆపకముందే ఒక కుర్ర గార్డు వచ్చి అద్దం మీద తట్టాడు.

"సార్, ప్యాసింజర్ ఏడున్నరు?"

"లోపల ఉన్నారు, సామాను రాలేదట. వచ్చేస్తారు."

"వచ్చినంక రాండ్రి సార్."

వెళ్లాం. అక్కడ ఒక చుట్టు తిరిగి రావడమంటే చిన్న తీర్థయాత్ర. రెండోసారి వచ్చేసరికి మా ఆడపడుచు ఫోన్ చేసి ఒక పెట్టె వచ్చింది, ఇంకోటి రావాలంది. మళ్లీ అదే గార్డు. మావారు ఇంజను ఆపేసి దిగబోయారు, లోపలికి వెళ్లి చూసొస్తానని.

"దిగకుండ్రి సార్. డ్రైవర్ లేని బండి ఉంటె మా సెక్యూరిటీకి ఫికర్ అయితది, లాక్కపోతరు."

నాకు ఉండబట్టలేదు. తల బయటపెట్టి, "బాబూ, నేను కూడా ఇదే డ్యూటీ చేస్తాను, స్కూల్లో" అన్నాను, ఏదో బంధుత్వం కలిసొస్తుందేమోనని.

"గట్లయితె మీకు ఎర్కనే కద మేడం" అన్నాడు ఆ అబ్బాయి, నవ్వుతూనే. "ఇది ఎక్కనీకి ఆగే జాగ. ఎదురుచూసుడు పార్కింగుల. మీరొక్కరు ఆగితె ఎన్క పది మంది ఆగుతరు, సామాన్లు పట్టుకొని వచ్చినోళ్లు ఎక్కనీకి జాగనే ఉండది."

అవి అచ్చంగా నేను రోజూ అనే మాటలే. నాకు వినబడుతుంటే మాత్రం ఎంత చిరాకేసిందో. చివరికి మావారు లొంగిపోయి కారు పార్కింగులో పెట్టారు. నేను ప్రయాణికులు బయటికొచ్చే చోట కడ్డీలు పట్టుకుని నిలబడ్డాను. చాలాసేపు నిలబడ్డాను. టీ తాగాను. ఎవరి పేర్లో రాసిన అట్టలు పట్టుకున్న డ్రైవర్లతో కబుర్లు చెప్పాను. అదే గార్డు రెండుసార్లు నా పక్కనుంచే నడిచాడు, జరగమనలేదు. నేను బండిని కాదు కదా. మా ఆడపడుచు బయటికొచ్చి, "పాపం చాలాసేపు నిలబెట్టేశాం వదినా" అంటుంటే, నా మనసు ఆమె మీద లేదు, తెల్ల కారు పెద్దాయన మీద ఉంది.

సెలవులయ్యాక మా గల్లీకి అవతల వీధిలో ఉన్న ఫంక్షన్ హాలు మేనేజరుతో ప్రిన్సిపల్ మాట్లాడింది. పొద్దుట ముహూర్తాలు లేని రోజుల్లో వాళ్ల ఖాళీ స్థలంలో పేరెంట్స్ బండ్లు పెట్టుకోవచ్చన్నాడు. అక్కడినుంచి మా గేటుకి నాలుగిళ్ల నడక. అందరికీ చెప్పాం. పిల్లల్ని లోపలిదాకా చూసుకోవాలనుకునేవాళ్లు అక్కడ పెట్టి నడిచి రండి, ఎంతసేపైనా ఉండండి, గేటు ముందు మాత్రం దింపి కదలండి. ఆ స్థలంలో మొదటి వారం నిద్రపోయిన కుక్క ఒక్కటే పార్కింగ్ చేసింది.

పెద్దాయనకి ప్రత్యేకంగా చెప్పాను.

"కారుండంగ నడిచి వచ్చుడేంది టీచరమ్మా" అన్నాడు. "చూసినోళ్లు ఏమనుకుంటరు? సేఠ్ కారు ఖరాబైంది అనుకుంటరు."

బడి వార్షికోత్సవం వచ్చింది. బహుమతులకి స్టీలు టిఫిన్ డబ్బాలు కావాలి. ఒక మధ్యాహ్నం నేనూ లెక్కల టీచరూ బేగంబజార్ వెళ్లాం. పెద్దాయన దుకాణం అక్కడే అని తెలుసు కానీ ఏ వీధో తెలియదు. కనుక్కోనక్కర్లేకపోయింది. గొంతు వినిపించింది.

గల్లీ నడుమ ఒక ట్రాలీ ఆటో. బిందెలు, గంగాళాలు అప్పటికే దింపేశారు, హమాలీలు లోపల పేరుస్తున్నారు. ట్రాలీ డ్రైవరు స్టీరింగు మీద చేతులు పెట్టుకుని తీరిగ్గా దుకాణంలోకి చూస్తున్నాడు. దాని వెనక తోపుడు బండ్లు, ఇంకో రెండు ట్రాలీలు, నెత్తిన మూటలతో మనుషులు. మెట్ల మీద తెల్ల లాల్చీలో మన పెద్దాయన.

"సామాన్ దిగింది కద. ఇంకేం చూస్తున్నవ్? జరుగు."

"చాయ్ తాగి పోత సేఠ్."

"చాయ్ తాగు. నేనే తాపిస్త. బండి ఆ మూలకు పెట్టి వచ్చి తాగు. నిన్ను పొమ్మన్ననా? బండిని పొమ్మన్న. నీ ఎన్క చూడు, బజారంత నిలవడ్డది."

ట్రాలీ కదిలింది. వెనకున్న వరస కదిలింది. పెద్దాయన తృప్తిగా చేతులు దులుపుకుని ఇటు తిరిగేసరికి మెట్ల కింద మేమిద్దరం ఉన్నాం. ఆయన కళ్లజోడు తీశాడు. లాల్చీ కొసతో తుడిచాడు. మళ్లీ పెట్టుకున్నాడు. మేం ఇంకా అక్కడే ఉన్నాం.

"రాండ్రి టీచరమ్మా" అన్నాడు చివరికి. "చాయ్ తాగుతరా?"

లెక్కల టీచరు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను టీచర్ని కాబట్టి గంభీరంగానే మెట్లెక్కాను. లోపల కూర్చుని టిఫిన్ డబ్బాలు చూస్తుంటే ఆయనే ముందు నవ్వేశాడు.

"ఏం జేయాలె చెప్పుండ్రి. ఆ కిటికీ ముచ్చట మీకు ఎర్క లేదు. పోయినేడు ఒకటో తరగతిల ఏసినప్పుడు మా పొల్ల గేటు పట్టుకొని ఇడవకపోయేది. ఏడుపంటె గిట్ల గట్ల కాదు. నువ్వు కిటికీ కాడికి పోయేదాంక నేను ఈణ్నే ఉంట బిడ్డా అని మాట ఇచ్చిన. నిజంగ ఉన్ననా లేనా అని రోజూ చూస్తది. మాట ఇచ్చినంక, బేరమా అది, తగ్గించనీకి?"

"మాట ఇచ్చింది మీరు కదా సార్" అన్నాను. "కారు ఇవ్వలేదు కదా."

ఆయన చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగింది.

"పాప చూసేది మిమ్మల్ని. మీరు అక్కడే ఉండండి, మధ్యాహ్నం దాకా ఉన్నా నేను అడగను. కారు ఆ ఫంక్షన్ హాల్లో ఉంటుంది. ఇందాక ఆ ట్రాలీ అబ్బాయికి చెప్పారే, అదే."

 ఆయన లోపలి పనివాణ్ని కేకేసి, మేం చూస్తున్న డబ్బాలు పక్కన పెట్టించి, మూత గట్టిగా పట్టే రకం తెప్పించాడు. "మీరు తెలుగు చెప్పుడు ఇడిసిపెట్టి బేగంబజార్ల దుకాణం పెట్టుండ్రి టీచరమ్మా. నడుస్తది" అన్నాడు.

మర్నాడు పొద్దున ఆయన నడిచొచ్చాడు. ఒక చేత్తో మనవరాలి వేలు, ఇంకో చేత్తో ఆమె బ్యాగు. దారిలో పాప పిల్లిని చూసిందట, దాని పిల్లల్ని కూడా చూసిందట, అందుకే ఆలస్యమైందని నాకు సంజాయిషీ ఇచ్చాడు. గోడ పక్కన నిలబడి రిబ్బను సరిచేశాడు, సీసా మూత చూశాడు. పాప పైకెళ్లింది. ఊపింది. ఆయన ఊపాడు. ఆయన పక్కనుంచి కార్లు వస్తూ ఉన్నాయి, పోతూ ఉన్నాయి. యాకుత్‌పురా ఆటో డ్రైవరు గేటు దాటుతూ బ్రేకు మీద కాలు పెట్టనవసరం రాక, అలవాటు తప్పినట్టు అయోమయంగా చూశాడు.

అయితే ఒక సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. బేగంబజార్ మనిషి కళ్లెదుట దారి మూసుకుపోతుంటే చేతులు కట్టుకుని నిలబడలేడు. మూడో రోజో నాలుగో రోజో పాప ఇంకా కిటికీలోకి రాకముందే ఒక కారు గేటు ముందు ఆగి డిక్కీ తెరుచుకుంది. నేను విజిలు నోట్లో పెట్టుకునేలోపే పెద్దాయన అందుకున్నాడు.

"బ్యాగు ఒళ్లె పెట్టుకొని రావాలె సార్, డిక్కీల కాదు. ముందుకు పోండ్రి, గోడ కొసకు. దింపుండ్రి, కదులుండ్రి."

ఆ రోజునుంచి గేటుకి ఇద్దరు ఇన్‌ఛార్జిలు. నేను బతిమాలేదాన్ని, ఆయన అదిలించేవాడు. స్పెల్లింగుల తల్లిని కూడా ఫంక్షన్ హాలుకి పంపించేశాడు. ఆవిడ అక్కడే స్కూటరు ఆపి పాఠం పూర్తిచేసుకుని నడిచొచ్చేది, పిల్లవాడి మార్కులు కూడా పెరిగాయని చెప్పింది. ఆటో డ్రైవరు ఒకసారి ఉండబట్టలేక, "చాచా, కల్ తక్ తో ఆప్ హీ రాస్తా రోకే థే" అన్నాడు, నిన్నటి దాకా దారికి అడ్డం నువ్వే కదా అని.

"కల్ గయా" అన్నాడు పెద్దాయన. "ఆగే బఢో." నిన్నటిది పోయింది, నువ్వు ముందుకు జరుగు అని.

సాయంత్రం తలనొప్పి వేరు. పొద్దున బండి పిల్లవాణ్ని తెస్తుంది, దించడం తప్ప దానికి పని లేదు. సాయంత్రం బండి ముందొస్తుంది, పిల్లవాడు తరవాతొస్తాడు. మంచి చోటు కోసం బెల్లు కొట్టడానికి చాలా ముందే వచ్చి వరసలో నిద్రపోయే తండ్రులుండేవారు. వాళ్లని లేపడం మహాపాపంలా అనిపించేది. ఇది పెద్దాయనతో అంటే, "మా దగ్గర సామాన్ కట్టినంకనే బండిని పిలుస్తం. బండి వచ్చినంక కట్టుడు మొదలువెడితె బజారు ఆగిపోతది" అన్నాడు.

ఆ మాట ప్రిన్సిపల్‌కి చేరవేశాను. చిన్న తరగతుల్ని ముందు, పెద్ద తరగతుల్ని కాస్త ఆగి వదలడం మొదలుపెట్టాం. పిల్లలు గేటు లోపల వరసగా కూర్చుని ఉండేవాళ్లు. ప్రతి కారు అద్దం మీద పిల్లవాడి తరగతి, నంబరు రాసిన అట్ట. బండి గల్లీలోకి తిరగగానే నంబరు పిలుస్తాం, బండి గేటు చేరేలోపు పిల్లవాడు లేచి సిద్ధంగా ఉంటాడు. ఆ వేళకి పిల్లవాడు లేకపోతే, బాత్రూములోనో, పోయిన స్కేలు వెతుకుతూనో ఉంటే, బండి ఒక చుట్టు తిరిగి రావాల్సిందే. పిలవడానికి మైకు తెప్పిస్తానంది ప్రిన్సిపల్. అవసరం లేదని స్టాఫంతా ఏకగ్రీవంగా చెప్పారు. నా గొంతుకి నంబరు పిలిచినవాళ్లూ పిలవనివాళ్లూ కూడా లేచి నిలబడేవారు.

రూలు పెట్టాక సడలించాల్సిన రోజూ వచ్చింది. నాలుగో తరగతి పిల్లవాడొకడు కాలు విరిగి సిమెంటు కట్టుతో వచ్చాడు. వాళ్లమ్మ కారు గేటు ముందే ఆపింది, దిగింది, చంక కర్రలు తీసింది, వాణ్ని నెమ్మదిగా దింపింది. వెనక వరస పెరుగుతోంది. నేను పెద్దాయన వైపు చూశాను. ఆయన వెనక బండ్లకి రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. ఎవరూ హారన్ కొట్టలేదు. ఆటో డ్రైవరు దిగొచ్చి పిల్లవాడి బ్యాగు అందుకుని లోపల ఆయా చేతికిచ్చి వెళ్లాడు. వాడి కట్టు విప్పేదాకా ఆ కారుకి గేటు ముందు ఎంతసేపైనా ఆగే హక్కు ఉండేది, ఎవరూ రాసివ్వకుండానే.

ఎస్సై గారు మళ్లీ వచ్చారు, చలికాలం చివర్లో. ఈసారి ఆయన బుల్లెట్టు ఎక్కడా ఆగకుండా గేటు దాకా వచ్చేసింది. ఆ ఆశ్చర్యంలో ఆయన అక్కడే ఆపి, స్టాండు వేసి, "మంచిగ చేసిండ్రు మేడం, ఏం చేసిండ్రు?" అని అడిగారు. నేను సంతోషంగా మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టాను. నాలుగు కార్ల వరస దాకా వచ్చానో లేదో, వెనకనుంచి గొంతు.

"సార్, ముచ్చట పెట్టుండ్రి, మస్తుగ పెట్టుండ్రి. బండి జెర ఆ కొసకు."

ఎస్సై గారు వెనక్కి చూశారు. వెనక మూడు కార్లు, ఒక ఆటో. ఆటోలో డ్రైవరు ఆకాశం వైపు చూస్తున్నాడు. ఎస్సై గారు స్టాండు తీసి, బుల్లెట్టుని నీళ్ల ట్యాంకు దాకా తోసుకుంటూ వెళ్లి, నడిచి వెనక్కొచ్చారు. "ఎవరా పెద్దాయన, మీ స్టాఫా?" అని మెల్లగా అడిగారు. పేరెంటని చెబితే నమ్మలేదు.

జూన్‌లో బడి తెరిచేసరికి పాప మూడో తరగతికి వచ్చింది. మూడో తరగతి గది వెనక వైపు, కిటికీ ఆటస్థలం మీదికి తెరుచుకుంటుంది. ఇది నాకు ముందే తెలుసు. పెద్దాయనకి ఎలా చెప్పాలా అని మే నెలంతా మథనపడ్డాను. గదులు మార్చమని ప్రిన్సిపల్‌ని అడుగుదామా అని కూడా అనుకున్నాను. మొదటి రోజు ఆయన ఎప్పటిలాగే నడిచొచ్చాడు. పాప గేటు దగ్గర ఆయన చేతిలోంచి బ్యాగు లాక్కుని, ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి వెనక్కి చూడకుండా లోపలికి వెళ్లిపోయింది.

ఆయన నా దగ్గరికొచ్చాడు. మొహంలో నవ్వూ ఉంది, ఇంకేదో కూడా ఉంది.

"ఇంటి కాణ్నే చెప్పింది టీచరమ్మా. తాతా, ఇంక నువ్వు పైకి చూడనవసరం లేదు, నా దోస్తులు నవ్వుతున్నరు, నువ్వు దింపి పో అన్నది."

"మరి రేపటినుంచి కారులోనే వచ్చి దింపి వెళ్లొచ్చు కదా సార్" అన్నాను. "మీకు నడక తప్పుతుంది."

"పోత" అన్నాడు. "ఈ కారు జరగనీయి."

ఆ కారు గేటుకి అడ్డంగా ఆగి ఉంది. కొత్తగా ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు వెనక సీటు రెండు చేతులతో పట్టుకుని దిగనని భీష్మించుకున్నాడు. ముందు సీట్లో తండ్రి చెమటలు తుడుచుకుంటున్నాడు. వెనక హారన్లు మొదలయ్యాయి. పెద్దాయన వెళ్లి అద్దం దగ్గర వంగాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. బండిని గోడ కొసకు తీసుకపోండ్రి, ఎన్కోళ్లకు జాగ ఇయ్యిండ్రి" అన్నాడు. తరవాత వెనక కిటికీలోంచి పిల్లవాణ్ని చూస్తూ గొంతు తగ్గించాడు. "ఏం బిడ్డా, నీ క్లాస్ కిటికీ ఏ దిక్కున్నది? నాకు జెర చూపెట్టు."